రోజూ ఇసుకతో కుండ చేయమంటే ఎట్లా?

"ప్రేమ ఉన్నది కాబట్టే అనుమానపడుతున్నడు బిడ్డా, పట్టనోడైతే అడుగుతడా?"

పెళ్లయిన ఆడపిల్ల ఏడ్చుకుంటూ పుట్టింటికి వస్తే మన ఇళ్లల్లో మొదట వినిపించే మాట ఇదే. చెప్పేది మగవాళ్లు కాదు. అమ్మ చెప్తుంది, పెద్దమ్మ చెప్తుంది, మేనత్త చెప్తుంది. అంటే మనమే చెప్తున్నాం. ఈ మాట తప్పు అని నేనంటాను. ప్రేమకూ అనుమానానికీ చుట్టరికం కలిపి, ఆ చుట్టరికం పేరుతో ఆడపిల్లను మళ్లీ అదే ఇంటికి పంపిస్తున్నాం. దీని మీద ఒకసారి గట్టిగా మాట్లాడుకోవాలి.

ముందు ఒక సంగతి ఒప్పుకుందాం. ఇష్టపడ్డ మనిషి వేరే ఎవరి మీదనో మనసు పెడుతున్నాడనిపిస్తే లోపల చురుక్కుమనడం తప్పు కాదు. అది లేని మనిషి ఉండరు. మన భర్తకు పదో తరగతి పూర్వ విద్యార్థుల సమ్మేళనం అయిందనుకోండి. పాతికేళ్ల తర్వాత కలిశారు, వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు, అందులో ఒకామె పొద్దున్నే పేరు పెట్టి మరీ గుడ్ మార్నింగ్ చెప్తున్నది. ఆయన అన్నం తింటూ ఫోన్ చూసుకొని నవ్వుతున్నాడు. మనకు ముద్ద దిగదు. ఇది రోగమూ కాదు, నేరమూ కాదు.

మన కవులకు ఈ సంగతి బాగా తెలుసు. దీనికి పెద్ద కథే ఉంది, సత్యభామ కథ. కృష్ణదేవరాయల ఆస్థానంలో ఉన్న నంది తిమ్మన పారిజాతాపహరణం రాసింది దీని మీదనే. నారదుడు ఒక పారిజాత పువ్వు తెచ్చి కృష్ణుడికి ఇస్తాడు. పక్కన రుక్మిణి ఉంది, ఆమెకు ఇచ్చేస్తాడు కృష్ణుడు. నారదుడు ఊరుకోకుండా ఇక రుక్మిణిని మించినవారు లేరన్నట్టు పొగుడుతాడు. చెలికత్తె పోయి ఆ ముచ్చట సత్యభామకు మోస్తుంది. సత్య నగలు తీసేసి, మాసిన చీర కట్టి, నుదుటికి గుడ్డ చుట్టుకొని కోపగృహంలో పడుకుంటుంది. కృష్ణుడు వచ్చి బతిమాలుతాడు, కాళ్ల మీద తల పెడతాడు, ఆమె ఎడమ కాలితో తన్నుతుంది. ఆ తర్వాత ఏడుస్తుంది, తన బాధ చెప్తుంది. పువ్వేం ఖర్మ, చెట్టే తెచ్చి నీ పెరట్లో నాటుతానని ఆయన మాటిస్తాడు. ఇంద్రుడితో యుద్ధం చేసి మరీ తెస్తాడు.

ఎవరినైనా తన్నడం మంచి పనని నేననను. నేను చూడమనేది వేరే. ఆ కోపానికి ఒక కారణం ఉంది, అది పువ్వు. ఆ కోపం బయటికి వచ్చింది, ఏం కావాలో అడిగింది. జవాబు దొరికింది. దొరికాక చల్లారింది. సత్యభామ ఆ మర్నాటి నుంచి కృష్ణుడి వెనుక మనుషులను పెట్టలేదు. రుక్మిణి మందిరం దిక్కు పోవద్దని షరతు పెట్టలేదు. మన అలంకార శాస్త్రంలో దీన్ని ఈర్ష్యామానం అంటారు. ఆ మానం తీర్చడానికి ఆరు ఉపాయాలు కూడా రాసి పెట్టారు: మంచి మాట చెప్పడం, చెలికత్తెతో చెప్పించడం, ఏదైనా ఇవ్వడం, కాళ్ల మీద పడటం, కొన్నాళ్లు పట్టించుకోకపోవడం, మనసును వేరే దిక్కుకు మళ్లించడం. అన్ని ఉపాయాలు రాశారంటే అర్థం ఏమిటి? అది తీరేదని వాళ్లకు తెలుసు. తీరడం దాని లక్షణం.

అయితే అదే శాస్త్రంలో నాకు నచ్చనిది ఒకటుంది. ఈర్ష్యామానం ఆడవాళ్లదే అన్నారు. మరి మగవాడికి ఈర్ష్య రాదా? వస్తుంది. కాకపోతే అతని ఈర్ష్యకు మనం ఆ పేరు పెట్టం. పరువు అంటాం, బాధ్యత అంటాం, మగతనం అంటాం, చివరికి ప్రేమ అంటాం. భామాకలాపంలో సత్యభామ ఈర్ష్యను చూసి ఊరంతా నవ్వుతుంది. మగవాడి ఈర్ష్య మీద అట్లా నవ్వే ఆట ఒకటైనా ఉందా? లేదు. ఎందుకంటే దాన్ని చూసి నవ్వు రాదు, భయం వేస్తుంది.

ఆ భయం కథ కూడా మన దగ్గర ఉంది. మన నల్లగొండ, పాలమూరు దిక్కు ఎల్లమ్మ గుడి లేని ఊరు వెతికినా దొరకదు. మా పానగల్‌కు ఎవరైనా వస్తే ఛాయా సోమేశ్వరుడి గుడిలో పొద్దంతా కదలని నీడ చూసిపోతారు, మంచిదే. కానీ మన ఆడవాళ్లు బోనం ఎత్తేది ఎల్లమ్మకు. బైండ్లవాళ్లు జమిడిక వాయిస్తూ చెప్పే ఆమె కథ చిన్నప్పటి నుంచి వింటున్నాం. వింటున్నాం గానీ ఆలోచించామా?

ఎల్లమ్మ అంటే రేణుక, జమదగ్ని భార్య. కథ ఒక్కో ఊళ్లో ఒక్కో తీరుగా చెప్తారు. ఎక్కువగా చెప్పేది ఇది. ఆమె రోజూ నదికి పోయి, అక్కడి ఇసుకతోనే కుండ చేసి, పామును చుట్టకుదురుగా పెట్టుకొని, ఆ కుండలో నీళ్లు తేవాలి. ఆమె మనసు నిలకడగా ఉంటేనే ఇసుక కుండగా నిలుస్తుంది. ఒకరోజు నదిలో భార్యలతో జలక్రీడ ఆడుతున్న గంధర్వరాజును చూసింది. ఒక్క క్షణం మనసు చలించింది. ఆ రోజు కుండ నిలవలేదు. వట్టి చేతులతో ఇంటికి వచ్చింది. భర్తకు అర్థమైపోయింది. తల్లి తల నరకమని కొడుకులకు చెప్పాడు. పెద్దకొడుకులు మా వల్ల కాదన్నారు, వాళ్లను శపించాడు. చిన్నవాడు పరశురాముడు నరికాడు. తర్వాత తండ్రి వరం కోరుకొమ్మంటే తల్లిని బతికించమన్నాడు. మహాభారతం అరణ్యపర్వంలో కుండ ముచ్చట లేదు గానీ మిగతా కథ ఇదే. అక్కడ పరశురాముడు ఇంకో వరం కూడా అడుగుతాడు: తనను చంపిన సంగతి అమ్మకు గుర్తుండకూడదని.

దేవుళ్ల కథకు తప్పు పడుతున్నానని అనుకోవద్దు. ఎల్లమ్మ నాకూ తల్లే. ఆమె తరఫున నిలబడే అడుగుతున్నాను. ఆమె ఎన్నేళ్లు రోజూ కుండ చేసింది? వేల కుండలు చేసి ఉంటుంది. ఆ వేల కుండలు ఒక్కరోజు ఆమెకు అక్కరకొచ్చాయా? రాలేదు. రోజూ పరీక్ష పెట్టేవాడి దగ్గర పాసైన రోజులకు లెక్క లేదు, తప్పిన రోజుకే లెక్క. ఆమె తప్పు కూడా ఏం చేసిందని కాదు, ఏం అనుకుందని. మనసులో ఏమున్నదో చూపించమని అడిగితే ఏ మనిషి చూపించగలదు?

మామూలు ఈర్ష్యకూ చెడ్డ అనుమానానికీ తేడా నాకు ఇక్కడే కనిపించింది. సత్యభామ ఈర్ష్య జవాబు అడుగుతుంది, జవాబు దొరికితే ఆగుతుంది. జమదగ్ని అనుమానం రుజువు అడుగుతుంది, రుజువు దొరికినా మర్నాడు మళ్లీ అడుగుతుంది. ఎంత గట్టిగా అరిచారు, ఎంతసేపు అలిగారు అన్నది కొలత కాదు. జవాబు విన్న తర్వాత ఏమవుతుందన్నదే కొలత.

ఇప్పటి ఇసుక కుండ ఎట్లా ఉంటుందో ఒక ఇల్లు అనుకొని చూద్దాం. ఊహించి చెప్తున్నదే గానీ చదువుతుంటే మీకు తెలిసిన ఇల్లు ఏదో ఒకటి గుర్తుకు రాక మానదు. కొత్తగా పెళ్లయిన అమ్మాయి పానగల్ నుంచి ఆటోలో పోయి నల్లగొండ క్లాక్ టవర్ దిక్కు ఒక బట్టల షాపులో పనిచేస్తుంది. మొదట భర్త ఫోన్ చేసి "చేరినవా?" అంటాడు. ముచ్చటగానే ఉంటుంది. కొన్నాళ్లకు "చేరినట్టు ఫొటో పెట్టు" అంటాడు. పెడుతుంది. తర్వాత లైవ్ లొకేషన్ పొద్దంతా ఆన్‌లో ఉండాలంటాడు. పెడుతుంది. ఒకరోజు ఆటో వేరే దారిలో పోతే రాత్రి రెండు గంటల దాకా పంచాయితీ. ఆ తర్వాత ఫోన్ పాస్‌వర్డ్ అడుగుతాడు, ఇస్తుంది. అందులో షాపు ఓనర్ "రేపు తొందరగా రామ్మా" అని పెట్టిన మెసేజ్ కనిపిస్తుంది. "తొందరగా ఎందుకు రమ్మంటున్నడు?" ఆమె పని మానేస్తుంది, ఇక గొడవ ఉండదనుకుంటుంది. ఇంట్లోనే ఉంటే పాలు పోసే అతనితో నవ్వినవని అంటాడు. చివరికి తన మేనబావ ఇంటికి వచ్చినా తప్పే.

చూడండి, ఆమె అడిగినదల్లా ఇచ్చింది. ఇచ్చినకొద్దీ అనుమానం తగ్గాలి కదా? తగ్గలేదు, పెరిగింది. ఎందుకంటే ఒక్కో రుజువు ఇచ్చినప్పుడల్లా "రుజువు ఇవ్వాల్సిన అవసరం ఉన్నది" అన్న మాటను ఇద్దరూ ఒప్పుకున్నట్టయింది. అతనికి కాసేపు నిమ్మళం దొరుకుతుంది. అది పోగానే మళ్లీ కావాలి, ఈసారి ఇంకొంచెం ఎక్కువ. బట్టల షాపు ఓనర్ కాదు కారణం, పాలాయన కాదు, మేనబావ కాదు. వాళ్లను తీసేస్తే ఇంకొకరు వస్తారు. కారణం అతని లోపల ఉంది, దాన్ని ఆమె ఇచ్చే ఏ ఫొటో తీర్చలేదు.

"మరి ఒక్కసారి ఒప్పుకుంటే ఊరుకుంటాడేమో" అని చెప్పే పెద్దవాళ్లు ఉన్నారు. ఇది చాలా ప్రమాదకరమైన సలహా. "నిజం చెప్పు, ఏమీ అనను, వదిలేస్తా" అని రాత్రంతా నిద్రపోనివ్వకుండా అడుగుతారు. అలసిపోయి, గొడవ ఆగుతుందని చేయని తప్పు ఒప్పుకున్న ఆడవాళ్లున్నారు. ఒప్పుకుంటే ఆగదు. అప్పటిదాకా అనుమానంగా ఉన్నది అప్పటి నుంచి సాక్ష్యం అవుతుంది. చేయని తప్పు ఎవరు అడిగినా ఒప్పుకోవద్దు, దేవుడి మీద ప్రమాణం చేయమన్నా సరే.

అనుమానం ఇంకా ముదిరితే అది నిజంగానే జబ్బు. బట్టలు వాసన చూడటం, దుప్పట్లు వెతకడం, పిల్లల పోలికలు చూసి వీడు నాకు పుట్టలేదనడం, ఎవరెంత చెప్పినా ఆ నమ్మకం కదలకపోవడం, ఇవన్నీ జబ్బు గుర్తులే. ఏళ్ల తరబడి బాగా తాగేవాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుందని మానసిక వైద్యులు చాలా కాలంగా చెప్తున్నారు. "తాగినప్పుడే అంటడు, పొద్దునకు మంచిగనే ఉంటడు" అని మనం సర్దుకుంటాం. రాత్రి అన్న మాటలు పొద్దున తాగకుండా కూడా అంటున్నాడంటే అది మత్తు మాట కాదు, అప్పటికే ముదిరింది. దీనికి మందులున్నాయి, తాగుడు మాన్పించే చికిత్స ఉంది. చికిత్స కుదిరేదాకా భార్యను వేరేచోట ఉండమని డాక్టర్లే చెప్పే సందర్భాలున్నాయి. అనుమానం జబ్బుగా మారిన ఇంట్లో ప్రాణాలు పోతాయని వాళ్లకు తెలుసు కాబట్టి అట్లా చెప్తారు. "మొగుణ్ని వదిలి వచ్చింది" అనే లోకం ఆ సంగతి తెలుసుకోవాలి. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు, రూపాయి ఖర్చు కాదు.

ఇక "ఇది మొగుడూ పెళ్లాల ముచ్చట, చట్టానికేం పని" అనేవాళ్లకు ఒక సంగతి చెప్తాను. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉంది. దాని కింద ఫిర్యాదు రాసుకునేటప్పుడు నింపే ఫారం ఒకటుంది. కొట్టడం గురించే కాకుండా మాటలతో, మనసును హింసించడం గురించి అందులో విడిగా గళ్లు ఉన్నాయి. శీలం మీద నిందలు వేయడం, ఉద్యోగానికి పోనివ్వకపోవడం, ఇల్లు దాటనివ్వకపోవడం, ఫలానా మనిషిని కలవనివ్వకపోవడం, చచ్చిపోతానని బెదిరించడం, ఇవన్నీ అందులో పేరు పేరునా రాసి ఉన్నాయి. పైన చెప్పిన అమ్మాయి సంసారాన్ని ఆ ఫారం ముందు పెట్టండి, ఎన్ని గళ్లు నిండుతాయో మీరే చూడండి. మనం ప్రేమ అంటున్నదాన్ని చట్టం హింస అని రాసుకుంది. జిల్లా కేంద్రాల్లో ఉండే సఖి కేంద్రంలో, లేదా 181కి ఫోన్ చేసి అడిగితే ఎట్లా ముందుకు పోవాలో చెప్తారు.

పెళ్లి కాని అమ్మాయిలది ఇంకో బాధ. "వేరేవాళ్లతో మాట్లాడితే చెయ్యి కోసుకుంటా" అని బెదిరించే పిల్లవాణ్ని చూసి, నేనంటే ఎంత ప్రాణమో అని మురిసిపోతున్నారు. మన సినిమాలు అట్లా నేర్పాయి. వద్దన్నా వెంట తిరగడమే కాదు, అమ్మాయి ఫోన్‌లో, ఇంటర్నెట్‌లో ఏం చేస్తుందో నిఘా పెట్టడం కూడా ఇప్పటి న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరమే. షీ టీమ్స్ ఉన్నది అందుకే. తల్లులు ఈ సంగతి కూతుళ్లకు చెప్పాలి, కొడుకులకు ఇంకా ముందు చెప్పాలి.

ఇప్పుడు మన దిక్కు కూడా చూసుకుందాం, లేకపోతే ఈ వాదన ఒంటికాలి మీద నిలబడుతుంది. భర్త స్నానానికి పోగానే ఫోన్ తీసి చూసే ఆడవాళ్లం లేమా? లాస్ట్ సీన్ పన్నెండున్నర అని ఉంటే ఎవరితోనని నిద్ర మానుకునేవాళ్లం లేమా? ఆఫీసులో ఆడవాళ్లతో మాట్లాడవద్దని ఒట్టు వేయించుకునేవాళ్లం లేమా? చేతిలో బలం తక్కువ కాబట్టి దీనివల్ల ప్రాణాలు పోయేది తక్కువేమో గానీ, రోజూ ఇసుక కుండ అడగడం ఎవరు అడిగినా ఒకటే.

అట్లాగని ఆడది ఏదీ అడగొద్దని కాదు. భర్తకు నిజంగానే వేరే సంబంధం ఉంటే, దాన్ని పట్టుకొని అడిగిన భార్యకు "నీకు అనుమానం రోగం" అని ముద్ర వేయడం ఇంకో అన్యాయం. కళ్ల ముందు కనిపిస్తున్నదాన్ని అడగడం అనుమానం కాదు, హక్కు. అక్కడ తేల్చుకోవాల్సింది అతను చేసిన పని గురించి. అంతేగానీ జీవితాంతం అతని ఫోన్‌కు కాపలా కాయడం మనకు శిక్షే.

మామూలు చురుక్కుమనే ఈర్ష్య వచ్చినప్పుడు ఏం చేయాలి? సత్యభామ చేసిన మంచి పని చేయాలి, తన్నడం మినహా. బయటికి చెప్పాలి. "ఆమె ఎవరు, ఏమిటి కథ" అని నిలదీయడం కాకుండా, "నువ్వు ఆ గ్రూపులో నవ్వుతుంటే నాకు బాధయితున్నది, నాతోని అట్ల నవ్వి ఎన్ని రోజులైంది?" అని అడగాలి. అడగాల్సింది మన వాటా. అవతలివాళ్ల ఫోన్ కాదు. అన్నం తినేటప్పుడు ఫోన్ పక్కన పెట్టమనడం లాంటి ఒక్క పని అడగండి. అతను వింటే ఆ మాట మీద నమ్మకం ఉంచండి. నెలకు చల్లారితే అది సంసారంలో మామూలే. మనకు చెప్పిన జవాబు మనకే చాలకపోతుంటే, లోపం జవాబులో ఉందో మనలో ఉందో అప్పుడు చూసుకోవాలి.

అమ్మలకు, అత్తలకు, పెద్దమ్మలకు ఒక్క మాట. ఈసారి బిడ్డ ఏడ్చుకుంటూ వస్తే "ప్రేమ ఉన్నది కాబట్టే" అనకండి. మూడు సంగతులు అడగండి. నువ్వు చెప్పిన జవాబు వింటున్నడా, లేక మర్నాడు మళ్లీ మొదటికొస్తున్నడా? నువ్వు మానేసిన పనులు, వదిలేసిన మనుషులు ఎంతమంది? అతను ఇంటికొచ్చే చప్పుడు వింటే నీకు సంతోషమా, భయమా? ఈ మూడింటికీ ఆమె చెప్పే జవాబును బట్టి ఆమెను పంపాలా, ఉంచుకోవాలా తేల్చండి. భయమంటే మాత్రం ఆ రాత్రి పంపకండి.

ఎల్లమ్మ తల నరికాక పరశురాముడు వరం అడిగి బతికించుకున్నాడు. మన ఇళ్లల్లో ఆ వరం ఇచ్చేవాళ్లు లేరు. బోనం ఎత్తినప్పుడు ఆ సంగతి గుర్తుంచుకుంటే చాలు.